సాగర్ టూరు కాగితం

అమ్మాయీ, స్కూలు గ్రూపులో మెసేజ్ రాగానే బొటనవేలు బొమ్మ ఒకటి నొక్కేసి ఊరుకున్నావట. శనివారం మీవాడి క్లాసు నాగార్జునసాగర్ వెళ్తోంది, పర్మిషన్ కాగితం గురువారంలోగా పంపమన్నారు. నీకు పట్టదని అనను. ఆఫీసూ వంటా హోంవర్కూ, దేనికని పరిగెడతావు! కానీ ఆ కాగితం దగ్గర మాత్రం ఓ పావుగంట కూర్చో.

అందరూ ముందు సంతకం గీకేస్తారు, పైన ఖాళీలు ఖాళీగానే పోతాయి. నలభై మంది పిల్లల్ని బస్సులో కూర్చోబెట్టుకున్న టీచరమ్మకు మీవాడి ఒంటి సంగతి ఏం తెలుస్తుంది? ఆ కాగితంలో నువ్వు రాసిందే తెలుస్తుంది. వాడికి చలిగాలికి పిల్లికూతలు వస్తాయి కదా, అది రాయి. వేరుశనగ పడదు కదా, అదీ రాయి. రాస్తే తీసుకెళ్లరేమోనని దాచేవాళ్లను చాలామందిని చూశాను. దాచితే దారిలో ఆయాసం వచ్చినప్పుడు టీచర్ చేతిలో ఇన్‌హేలర్ ఉండదు. మందు ఒక కవర్లో పెట్టి పేరు, ఎంత వెయ్యాలి, ఎప్పుడు వెయ్యాలి రాసి టీచర్ చేతికే ఇవ్వు. బస్సు డిక్కీలో పడేసే సంచిలో పెట్టావంటే ఉన్నా లేనట్టే. ఫోన్ నంబర్లు రెండు రాయి. నీది మీటింగులో మూగబోతుంది, రెండోది ఎత్తేవాళ్లది ఉండాలి.

హైదరాబాద్ నుంచి సాగర్ సుమారు నూట యాభై కిలోమీటర్లు. బస్సు పడని పిల్లలకు డాక్టర్ ఇచ్చిన వాంతుల మాత్ర బయలుదేరకముందే వెయ్యాలి, కక్కడం మొదలయ్యాక వేస్తే అదీ బయటికే వస్తుంది. పొద్దున్నే పూరీలు పెట్టకు, రెండు ఇడ్లీలు చాలు. మధ్యాహ్నానికి పెరుగన్నం కట్టేటట్టయితే పాలు పోసి కలిపి, చెంచాడు పెరుగు తోడు వెయ్యి. తినే వేళకు కమ్మగా తోడుకుంటుంది. అచ్చంగా పెరుగే పోసి కలిపితే ఆ ఎండకు పులిసిపోతుంది. చింతపండు పులిహోరైతే ఇంకా నిశ్చింత. సంచి మాత్రం వాడిచేతే సర్దించు. నువ్వు సర్దితే టోపీ అడుగునే ఉండిపోతుంది, వాడు నెత్తిన ఎండ పెట్టుకుని తిరుగుతాడు. కొత్త బూట్లు వద్దు, కరుస్తాయి. మెళ్లో గొలుసు తీసి ఇంట్లో పెట్టు.

ఇక నీళ్ల సంగతి. నాగార్జునకొండకు లాంచీ ఎక్కిస్తారు. లైఫ్ జాకెట్ ఒంటిమీద వేలాడితే సరిపోదు, పట్టీలన్నీ బిగించాలి. ఇంట్లోనే వాడికి చెప్పి పంపు. ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకు ఉరకకూడదనీ చెప్పు. డ్యామ్ కింద రాళ్లు పొడిగా కనబడతాయి, అక్కడికి మాత్రం దిగకూడదు. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది పోయింది అలా రాళ్లమీద నిలబడే. పైన డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, తేరుకునే వ్యవధి లేకపోయింది. పిల్లవాణ్ణి భయపెట్టమని కాదు, టీచర్ గీసిన గీత ఎందుకో తెలిస్తే దాటడని చెబుతున్నాను.

తిరిగొచ్చేటప్పుడే అసలు తొందర మొదలవుతుంది. ఎల్బీనగర్ మీ ఇంటికి దగ్గరని మీ ఆయన అక్కడే బస్సు ఆపించుకుని దించుకుంటాననే రకం. వద్దని చెప్పు. ఒకడు దిగితే ఇంకో నలుగురు మేమూ దిగుతామంటారు. రోడ్డు మీద, చీకట్లో, టీచర్ లెక్క చూసుకుంటుందా, ట్రాఫిక్ చూసుకుంటుందా? ఈలోపు నువ్వు స్కూలు గేటు దగ్గర నిలబడి ఉంటావు. బస్సులోంచి అందరూ దిగుతారు, మీవాడు దిగడు, మీ ఆయన ఫోన్ ఎత్తడు. ఆ పది నిమిషాలు నీకూ టీచర్‌కూ ఎలా ఉంటాయో ఆలోచించు. స్కూల్లో ఎక్కినవాడు స్కూల్లోనే దిగాలి, రిజిస్టర్లో సంతకం పెట్టి నువ్వు చెయ్యి పట్టుకోవాలి.

నీకు కుదరక మీ తమ్ముణ్ణి పంపాలనుకుంటే అతని పేరూ నంబరూ ముందే కాగితంలో రాయి. గుర్తింపు కార్డు తెచ్చుకోమను. రాయకుండా పంపి, టీచర్ పిల్లవాణ్ణి అప్పగించలేదని మళ్లీ ఆవిడ మీదే కోప్పడకు. మామయ్యనని ఎవరైనా చెప్పుకోవచ్చు కదమ్మా! బస్సు ఆలస్యమైతే డ్రైవర్‌కు ఫోన్ చెయ్యకు, బండి నడిపేవాడు ఫోన్ ఎత్తడమే మనకు చేటు. గ్రూపులో టీచర్ పెట్టే కబురు కోసం చూడు. నీ ఫోన్లో చార్జింగ్ ఉంచుకో. వాణ్ణి తీసుకున్నాక మిగిలిన మందుల కవరు టీచర్ దగ్గర అడిగి తెచ్చుకో, ఆ రాత్రే కావాల్సి రావచ్చు.