అర్జునుడు అడిగింది పాపం గురించి, జవాబొచ్చింది శోకం గురించి

గీత పేరెత్తితే మనలో చాలామంది "అది మన పుస్తకం కాదులే" అని పక్కన పెట్టేస్తారు. కొందరు చదవకుండానే తిడతారు. రెండూ సరికాదు. మొదటి రెండు అధ్యాయాలు ముందు పెట్టుకుని, ఎవరు ఏ మాట వాడారో చూస్తూ చదవండి. మనం అడగాల్సిన ప్రశ్న ఆ మాటల్లోనే ఉంది.

రెండు సేనల మధ్య రథం ఆగింది. అర్జునుడు ఎదురుగా తాతల్ని, గురువుల్ని, అన్నదమ్ముల్ని చూశాడు. అప్పుడు అతన్ని ఆవహించిన దానికి కథ చెప్తున్న సంజయుడు పెట్టిన పేరు "కృప". అంటే జాలి. భయం అనలేదు, పిరికితనం అనలేదు. అర్జునుడి మాటల్లో మళ్లీ మళ్లీ వచ్చే పదం "పాపం". వీళ్లను చంపితే మనకు పాపమే అంటుకుంటుంది, ఈ పాపం నుంచి తప్పుకోవాలని మనకెందుకు తెలియదు, రాజ్యం మీది ఆశతో మహాపాపానికి దిగామే అని వాపోతాడు. ఇది ఏడుపు కాదు, ప్రశ్న. చంపడం తప్పా కాదా అన్న ప్రశ్న.

అలాగని అర్జునుణ్ణి మనం బౌద్ధుణ్ణి చేసుకోనక్కర్లేదు. అతని జాలి "స్వజనం" దాకానే. నా వాళ్లు అన్నవాళ్లు ఎదురుగా లేకపోతే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. పైగా కులం నాశనమైతే స్త్రీలు చెడతారు, వర్ణసంకరం అవుతుంది, కులధర్మాలు జాతిధర్మాలు పోతాయి అని బెంగపడతాడు. అంటే ప్రశ్న అడిగినవాడూ వర్ణం లోపలే నిలబడి అడిగాడు.

ఇక కృష్ణుడి జవాబు చూడండి. సంజయుడు కృప అన్నదాన్ని ఆయన "కశ్మలం" అన్నాడు, "క్లైబ్యం" అన్నాడు, హృదయ దౌర్బల్యం అన్నాడు. మురికి, నపుంసకత్వం, గుండె నీరుగారడం. ఆర్యులు చేసే పని కాదు, కీర్తి పోతుంది అన్నాడు. ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు, ప్రశ్నకు పేరు మాత్రం మారింది.

తర్వాత అసలు బోధ మొదలవుతుంది. పదకొండో శ్లోకం నుంచి ముప్పయ్యో శ్లోకం దాకా తిరిగే మాట "శోకం". ఆత్మ చావదు కాబట్టి శోకించకు, పుట్టినవాడు చావక తప్పదు కాబట్టి శోకించకు. నిజమే, తన శోకం ఇంద్రియాల్ని ఎండగడుతోందని అర్జునుడూ ఒకసారి అన్నాడు. కృష్ణుడు ఆ ఒక్క మాట పట్టుకున్నాడు. కానీ "ఏడవకు" అన్నది "చంపడం తప్పా?" అన్నదానికి జవాబు అవుతుందా? చచ్చేవాడు ఎలాగూ చస్తాడన్న వాదన ఏ హంతకుడైనా చెప్పుకోవచ్చు. ఇది కోర్టులో నిలబడే వాదన కాదని బాబాసాహెబ్ కూడా గీత మీద రాసిన వ్యాసంలో ఎత్తిచూపారు.

ముప్పై ఒకటో శ్లోకంలో "స్వధర్మం" వస్తుంది. "స్వ" అంటే నీది. నువ్వు ఎంచుకున్నదా? కాదు. అదే శ్లోకంలో "క్షత్రియుడికి" అన్న మాట ఉంది. అంటే వర్ణం వల్ల వచ్చినది. కాసేపటికి, అర్జునుడు వాడిన పాపం అన్న మాటను కృష్ణుడు చేతిలోకి తీసుకుని తిరగేస్తాడు: యుద్ధం చెయ్యకపోతేనే పాపం. మాట అదే, అర్థం తలకిందులు. ఇదే స్వధర్మం పద్దెనిమిదో అధ్యాయానికి వచ్చేసరికి శూద్రుడికి "పరిచర్య" అవుతుంది, అంటే సేవ చెయ్యడం. అర్జునుడికి ఒప్పించిన తర్కమే మన తాతలకు చాకిరీగా వచ్చింది.

"ఫలం ఆశించకుండా పని చెయ్యమన్నాడు కదా, అది గొప్ప మాటే కదా" అంటారు. ఆ మాట పనిని ఏ మనసుతో చెయ్యాలో చెప్తుంది. ఆ పని చెయ్యదగిందా కాదా అన్నది అప్పటికే వర్ణం తేల్చేసింది.

ఇంకో మాట ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గురువుల్ని చంపడం కంటే "భైక్ష్యం" తినడం మేలు, అంటే అడుక్కుని బతకడం మేలు, అంటాడు అర్జునుడు. భిక్షువు దారి అతనికి ఒక్క క్షణం కనబడింది. కృష్ణుడు ఆ మాటకు సూటిగా బదులివ్వడు. యుద్ధంలో చస్తే స్వర్గం, గెలిస్తే భూమి అంటాడు.

సరిగ్గా ఈ స్వర్గం సంగతే ఒక యోధుడు బుద్ధుణ్ణి అడిగాడు. సంయుత్త నికాయంలో గామణి సంయుత్తంలో ఉంది. యుద్ధంలో శక్తికొద్దీ పోరాడి చచ్చినవాడు దేవలోకానికి పోతాడని మా పెద్దలు చెప్పారు, మీరేమంటారు అన్నాడు. ఆ సంగతి అడగొద్దు అని బుద్ధుడు వారించాడు. అతను వదల్లేదు, మూడుసార్లు అడిగాడు. అప్పుడు చెప్పాడు: ఎదుటివాళ్లు చావాలి, నాశనం కావాలి అన్న తలపుతో ఆ మనసు అప్పటికే దిగజారిపోయింది, అలా చచ్చినవాడు నరకానికే పోతాడు, స్వర్గానికి పోతాడనుకోవడం తప్పుడు దృష్టి. ఇక్కడ కులం అడగలేదు, వంశం అడగలేదు, మనసులో ఉన్న చేతన ఒక్కటే చూశారు.

ఆ యోధుడు ఏడ్చాడు. ఇందుకే నేను అడగొద్దన్నది అన్నాడు బుద్ధుడు. మీరు చెప్పినదానికి కాదు భంతే, అన్నాడతను. ఇన్నేళ్లూ మా పెద్దలు నన్ను మోసం చేశారే అని ఏడుస్తున్నాను.