ఊరి పేరు ఎవరి సాక్ష్యం?

ముదినేపల్లి చుట్టుపక్కల చేపల చెరువు గట్టు మీద కాపలా ఉండే యానాది మనిషిని ‘మీదే ఊరు?’ అని అడిగాం. ఆసామి పేరు చెప్పి ‘ఫలానా వారి చెరువు’ అన్నాడు. ఉంటున్న చోటే అతనికి ఊరు. ఆ చోటికి పేరు మాత్రం యజమానిది. ఆ జవాబు విన్నాక ఊళ్ల పేర్లను మేం కొత్తగా చదవడం మొదలుపెట్టాం. పేరు పెట్టింది ఎవరు? అది ఎవరి తరఫున సాక్ష్యం చెబుతుంది?

ఊరి పేరులో మొదటి ముక్క తరచుగా మనిషినో చెట్టునో చెబుతుంది. చివరి ముక్క నేలను చెబుతుంది. కొల్లేటిలో గుడివాకలంక, ఆగడాలలంక, ప్రత్తికోళ్లలంక ఉన్నాయి. లంక అంటే చుట్టూ నీళ్లున్న మెరక. కొండల్లేని ఈ పల్లపు సీమలో వరద వచ్చిననాడు ఆ మెరకే కొండ. ఇప్పుడు అక్కడికి తారు రోడ్డు పడినా, ఇది నీళ్ల చోటని పేరు చెబుతూనే ఉంది. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు దాకా కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో ఆ హద్దు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టించింది. సరస్సు ఎంతదాకా ఉందో తేల్చడానికి కొలతలు కావలసి వచ్చాయి. కానీ అది సరస్సేనని లంకల పేర్లు ఎప్పుడో చెప్పాయి.

చెరువు అనే మాట సంగతి వేరు. ఊరి చెరువు ఊరందరిదీ అంటారు. డెల్టాలో కాలువ కట్టేసేలోగా దాన్ని నింపుకుని వేసవంతా ఆ నీళ్లే తాగేవారు. అందులోనూ మా వాళ్ల కడవకు ఎప్పుడూ చోటుండేదని అనలేం. అయినా అది ఒక్కడి సొత్తు కాదు. ఇప్పుడు ముదినేపల్లి వైపు చెరువు అంటే వరి పొలాన్ని తవ్వి గట్టు పోసిన చేపల చెరువు. మాట అదే, హక్కు మారిపోయింది.

ఇక గూడెం. తెలుగువాళ్లు కొండల్లో ఉండేవారి పల్లెను గూడెం అన్నారు, మైదానంలో దళితుల పేటనూ గూడెమే అన్నారు. ఊరికి దూరంగా ఉండేవారి చోటికి ఊళ్లోవాళ్లు వాడిన మాట అది. కోయ భాషలో ఊరిని ‘నార్’ అంటారు. అంటే గూడెం అనే మాట మేం మా చోటిని పిలుచుకున్న పేరు కాకపోవచ్చు, బయటివారు మమ్మల్ని చూసి అన్న పేరు కావచ్చు. వాడ కూడా అంతే. గుడివాడలో అది గుడి దగ్గరి వాడ. ముందు ‘వెలి’ చేరితే అదే మాట మనుషుల్ని బయట నిలబెడుతుంది.

అయితే పేరును చూసి తొందరపడకూడదు. తాడేపల్లిగూడేన్ని చుట్టుపక్కలవాళ్లు వట్టి ‘గూడెం’ అనే అంటారు. అంతమాత్రాన అది గిరిజనుల ఊరని తేలదు. జంగారెడ్డిగూడెం పేరులోని రెడ్డి వలస వచ్చిన భూస్వామి అనుకోవడం తేలిక. కానీ ఆ పక్కనే బుట్టాయగూడెం, పోలవరం కొండల్లో కొండరెడ్లున్నారు. పేరు ఒక్కటే ఈ చిక్కు విప్పలేదు.

మరి రుజువు కాలేని సాక్ష్యానికి విలువేమిటి? దీనికి చట్టంలోనే ఒక దారి ఉంది. 1959 భూబదిలీ నిబంధనను 1970లో సవరించారు. అదే మనం 1/70 అనేది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా అనుకోవాలి. కాదని చూపవలసిన బాధ్యత భూమి పట్టుకున్నవాడిదే. కాగితం లేని మనిషిని కాగితం తెమ్మనడం న్యాయం కాదని ఆ నిబంధన గుర్తించింది. పేరు విలువ కూడా ఇంతేనని మా అభిప్రాయం. గూడెం అనే మాట పట్టా కాదు. కానీ ‘మీకంటే ముందు ఇక్కడ ఎవరున్నారు?’ అనే ప్రశ్నను, తర్వాత వచ్చినవాడు జవాబు చెప్పుకోవలసిన వైపుకు తిప్పుతుంది.

ఆ నిబంధన బుట్టాయగూడెం మన్యంలో పనిచేస్తుంది. చెరువు గట్టు దాకా రాదు. అక్కడి యానాదికి చట్టమూ లేదు, పేరులో మిగిలిన గూడెమూ లేదు. రెవెన్యూ లెక్కలో శివారు పల్లెల భూమి అసలు గ్రామం పేరునే ఉంటుంది. గట్టు మీది గుడిసెకు ఆ శివారు పేరు కూడా ఉండదు. పోయిన ఊరికి పేరైనా సాక్ష్యం చెబుతుంది. ఊరే కట్టుకోనివ్వని మనిషికి సాక్ష్యం ఎవరు? మేం ఈసారి అటు వెళ్లినప్పుడు ‘మీదే ఊరు?’ అని అడగం. ‘ఈ చోటిని మీరేమంటారు?’ అని అడుగుతాం. చెప్పిన పేరునే రాసుకుంటాం.