నిలువు గీత విలువ: సకినాల చీటీకి శుద్ధప్రతి

కరీంనగర్ ప్రాంతంలో సంక్రాంతికి చేసే సకినాల పాళ్లను రాసిపెట్టుకున్న ఒక పాత కార్డును ఊహిద్దాం. అందులో ‘బి. ౧ సే., ను. ౹ సే., వా. త.’ అని ఉందనుకుందాం. అంటే బియ్యం ఒక సేరు, నువ్వులు పావు సేరు, వాము తగినంత. ఈ నిలువు గీత పాతకాలపు తెలుగు లెక్కల్లో పావుకు గుర్తు.

శుద్ధప్రతి రాసేవారు దానిని ‘1’గా చదివితే నువ్వులు బియ్యంతో సమానమవుతాయి, ఆ పిండితో చుట్టిన సకినం విరిగిపోతుంది. గీత ఒకటి కాదనడానికి కార్డులోనే సాక్ష్యం ఉంది: రచయిత్రి ఒకటిని ‘౧’ అని రాసింది. చదవడానికి వీలుగా ఉంటుందని ‘౧’ను ‘1’గా మార్చిన క్షణమే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. పావు గుర్తు 2008 నుంచి యూనికోడ్‌లో ఉన్నందున అచ్చులో కుదరదన్న సాకూ చెల్లదు.

‘సే.’ విషయం మరింత సున్నితం. సేరు కొలపాత్ర కావచ్చు, తూకమూ కావచ్చు. దానిని కిలోలుగా మార్చడమంటే రచయిత్రి చెప్పని నిర్ణయాన్ని ఆమె పేరిట ప్రకటించడమే. ఆ నిర్ణయం సరైనదే అయినా అది ఆమె మాట కాదు.

కాబట్టి మూలపంక్తిని ఉన్నదున్నట్టు నిలిపి, మన అన్వయాన్ని దాని కింద విడిగా, మన బాధ్యతగా రాయాలి. అప్పుడు మన పొరపాటును రేపటి పాఠకుడు దిద్దగలడు.