ఆనంద్ సాహిబ్

హైదరాబాదు అత్తాపూర్‌లో సిక్కు ఛావనీ ఉంది. అక్కడైనా మరెక్కడైనా, గురుద్వారాల్లో ఏ శుభకార్యం చివర్లోనైనా, అర్దాస్ ప్రార్థనకు ముందు, ఆనంద్ సాహిబ్ వినిపిస్తుంది.

మూడో గురువు అమర్‌దాస్ రామ్‌కలీ రాగంలో చెప్పిన ఈ కీర్తనలో 40 చరణాలున్నాయి. వాటిని పౌడీలంటారు. కార్యాల్లో మొదటి ఐదూ, చివరిదీ పాడతారు.

మొదటి పౌడీలో భక్తుడు తల్లిని పిలిచి, సద్గురువు దొరికాడు గనుకే ఆనందమంటాడు. రాగాలే పరివారంతో పాడటానికి వచ్చాయట! రెండో పౌడీలో తన మనసుతోనే మాట్లాడతాడు: ఎప్పుడూ హరితోనే ఉండు, దుఃఖం ఆయన మరిపిస్తాడని. మూడోదానిలో నేరుగా దేవుణ్ణే అడుగుతాడు, నీ ఇంట లేనిదేముందని. తల్లి, మనసు, దేవుడు: ఈ వరుసే అందం.

ఆ ఆనందం సందర్భాన్నిబట్టి పుట్టింది కాదు. అందుకే చావింటి ప్రార్థనలోనూ ఈ ఆరు పౌడీలే పాడతారు.