కలలో ఏరు దాటితే



ఏరు దాటినట్టు, వంతెన మీద నడిచినట్టు కల వస్తే మన వాడల్లో వెంటనే శకునం అడుగుతారు. అడిగినోళ్లకు ఖర్చు, చెప్పినోళ్లకు దక్షిణ. కలలకు అర్థాలు చెప్పే పని పెట్టుకోవద్దని సుత్తనిపాతలోని తువటక సుత్తంలో బుద్ధుడు స్పష్టంగా చెప్పాడు. మరి కల ఎందుకొస్తుంది?

మిలిందపన్హలో నాగసేనుడు ఆరు కారణాలు చెప్పాడు. వాతం, పిత్తం, కఫం అనే మూడూ ఒంటికి సంబంధించినవి. ఇంకోటి, మనం రోజూ అలవాటుగా చేసే పని. దేవతల ప్రభావం, ముందస్తు సూచన కూడా ఆ జాబితాలో ఉన్న మాట నిజమే. కానీ ఒంటినీ, అలవాటునూ చూడకుండా శకునం దాకా పరుగెత్తడం దేనికి?

మా వాడలో ఒక పెద్దమ్మ ముప్పై ఏళ్లు రోడ్లు ఊడ్చింది. మూడు నెలల్లో రిటైర్మెంటు. ఆమెకు మళ్లీ మళ్లీ ఒకటే కల. వంతెన మీద సగం దూరం పోతుంది. చెత్తబండి ఇవతలి గట్టున మర్చిపోయానని వెనక్కి తిరుగుతుంది. అంతలో మెలకువ. అది చావు సూచన, శాంతి చేయించమన్నారు ఎవరో. ఆమె అప్పుకు తిరగడం మొదలుపెట్టింది.

ఆమెను మూడే అడిగాం. ఇవతలి గట్టున ఏముంది పెద్దమ్మా? "నా పని, నా జీతం, నాతోటి ఆడోళ్లు." అవతల ఏముంది? "ఏమీ కనపళ్లేదయ్యా, మంచు." చేతిలో ఏముంది? కాసేపు ఆగి, "ఆ బండి లేకపోతే నేనెవర్ని?" అంది. కల గుట్టు ఆ మాటలోనే ఉంది. రాబోయే చావు గురించి ఆ కల ఏమీ చెప్పలేదు. ముగుస్తున్న పని గురించి ఆమెలో అప్పటికే ఉన్న భయాన్ని చూపించింది.

అలగద్దూపమ సుత్తంలో తెప్ప ఉపమానం ఉంది. ఒకడు గడ్డి, కర్రలు, కొమ్మలు, ఆకులు కట్టి తెప్ప చేసుకుని, కాళ్లూ చేతులూ ఆడిస్తూ ఏరు దాటాడు. తర్వాత, ఇది నాకెంతో మేలు చేసిందని దాన్ని నెత్తిన పెట్టుకుని నడిస్తే తెలివైన పనేనా అని బుద్ధుడు అడిగాడు. ఆయన ఆ మాట తన ధమ్మం గురించే అన్నాడు. ధమ్మాన్నే పట్టుకు వేలాడకూడదంటే, చెత్తబండి ఎంత? దాన్ని తిట్టక్కర్లేదు, అది పిల్లల్ని చదివించింది. ఒడ్డున దించితే చాలు.

పెద్దమ్మ అప్పు మానేసింది. పెన్షన్ కాగితాలు సరిచూసుకుంది. ఆదివారాలు విహారంలో పిల్లల్ని కూర్చోబెట్టి వందన చెప్పిస్తోంది. కల ఇంకా అప్పుడప్పుడు వస్తుందట, కానీ గుండె దడ లేదు.

ఒక హద్దు గుర్తుంచుకోండి. కలకు భయపడి వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, నిద్రలో కేకలు వేస్తున్నా డాక్టరు దగ్గరకు పోవాలి. మిగతా వాళ్లు పొద్దున లేవగానే ఆ మూడు ప్రశ్నలూ వేసుకోండి: ఏం వదులుతున్నాను, ఎటు పోతున్నాను, ఏది మోస్తున్నాను?

భవతు సబ్బ మంగళం.