ఇప్ప చెట్టు ఎక్కి పూలు కోస్తామా?

మా కోయ ఊళ్ళలో పెద్దవాళ్ళు సామెత చెబుతున్నామని చెప్పి సామెత చెప్పరు. చుట్ట వెలిగించుకుంటూ, బుట్ట అల్లుకుంటూ మాట మధ్యలో ఒక ముక్క వదిలేస్తారు. విన్నవాడికి తగలాల్సిన చోట తగులుతుంది. దాన్ని తెలుగులోకి తేవాలని కూర్చున్నప్పుడే మాకు చిక్కు వస్తుంది. భావం చెప్పాలా, బొమ్మను అలాగే ఉంచాలా, కింద వివరణ రాయాలా?

ఒకసారి మా ఊరి భూమి సంగతి మాట్లాడటానికి ఒక అధికారి వచ్చారు. ఆ రోజే సంతకాలు కావాలన్నారు. అందరూ తాత వైపు చూశారు. తాత నవ్వి, "ఇప్ప చెట్టు ఎక్కి పూలు కోస్తామా?" అని మా భాషలో అని ఊరుకున్నాడు. పక్కనున్న మా కుర్రవాడు తెలుగులో, "తొందర వద్దు, తర్వాత చూద్దాం అంటున్నాడు సారూ" అని చెప్పాడు. కాగితం మీద అది 'తర్వాత సంతకం చేస్తామన్నారు' అని పడింది. అబద్ధం ఎవరూ ఆడలేదు. కానీ తాత ఒప్పుకోని మాట ఒకటి ఆయన పేరు మీద రాసి ఉంది.

ఆయన అన్నదేమిటో తెలియాలంటే ఇప్ప చెట్టు తెలియాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప పువ్వు రాత్రి నుంచి తెల్లవారే దాకా తనంతట తాను రాలుతుంది. ఎవరూ కోయరు. అలాగని ఇంట్లో పడుకుంటే బుట్ట నిండదు. ముందుగా చెట్టు కింద ఆకులు ఊడ్చి నేల శుభ్రం చేసుకోవాలి, పశువులూ ఎలుగుబంట్లూ తినకముందే చీకటితో లేచి వెళ్ళాలి. ఇంకో సంగతి కూడా ఉంది. రాలేది తియ్యటి రేకుల గుత్తి మాత్రమే, కాయ కాబోయే పిందె కొమ్మనే నిలుస్తుంది. పువ్వును తెంపితే పిందె కూడా పోతుంది, ఆ ఏడు నూనెకు గింజ ఉండదు. కాబట్టి తాత మాటలో ఆగడం ఒక్కటే లేదు. ఊరంతా కూర్చుని నేల ఊడ్చుకోవడం ఉంది. ఇప్పుడు తెంపితే రేపటిది పోతుందన్న భయమూ ఉంది. రాలుతుందో లేదో ఇంకా తేలలేదన్నది కూడా అందులోనే ఉంది. 'తర్వాత' అన్న ఒక్క మాటలో ఇవేవీ పట్టలేదు.

మాలో ఉపాధ్యాయులైన వాళ్ళు కొందరు దీనికి బదులు 'నిదానమే ప్రధానం' అని రాస్తే సరిపోతుందన్నారు. పిల్లలకు సులువే. కానీ ఆ మాట చెట్టు కింద నేల ఊడవమని చెప్పదు.

మరి బొమ్మను ఉన్నదున్నట్టు దింపితే? మైదానంలో పెరిగిన స్నేహితుడికి ఆ వాక్యం ఒక్కటే చదివి వినిపించాం. "ఆ చెట్టు దేవతా? ఎక్కకూడదా?" అని అడిగాడు. ఆయన తప్పు కాదు. ఆయనకు పువ్వంటే కోసేది, మల్లెలాంటిది. మనకు చెప్పక్కరలేని సంగతే ఆయనకు తెలియాల్సిన సంగతి. కింద వివరణ రాసి చూశాం. అయిదు మాటల సామెతకు పది వరుసలైంది. తాత ఒక్క శ్వాసలో అన్నది పాఠంలా తయారైంది. పైగా అధికారిని నొప్పించకుండా కాదనడానికే ఆయన చెట్టును తెచ్చాడు. విప్పి చెబితే ఆ మర్యాద పోయి మందలింపు మిగిలింది.

చివరికి కథల్లో, సంభాషణల్లో మేము చేస్తున్నది ఇది: 'తనంతట రాలే ఇప్ప పువ్వు కోసం చెట్టెక్కుతామా?' రెండు మాటలు కలిపాం, అవి తాత అన్నవి కావు. ఆ సంగతి మాకు కొంచెం గుచ్చుకుంటూనే ఉంది. అయినా చదివేవాడు ఆగకుండా ముందుకు పోగలడు. ఊడ్చిన నేల, పిందె మాత్రం ఆ వాక్యంలోకి రావు. వాటిని కథలో ముందే ఎక్కడో చూపించి ఉంచాలి, తెల్లవారుజామున బుట్ట పట్టుకెళ్ళే అమ్మను ఒకసారి రాస్తే చాలు. సామెతల సంకలనమైతే వేరు. అక్కడ మొదట మా భాషలో తెలుగు లిపితో సామెత, తర్వాత మాటకు మాట, ఆపైన ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారో రాస్తాం. అక్కడ వివరణ ఎంత పొడుగైనా ఫర్వాలేదు.

కానీ గ్రామసభ కథా కాదు, సంకలనమూ కాదు. అక్కడ అందం చూసుకోవడానికి లేదు. చెప్పినవాడు పక్కనే ఉంటాడు కాబట్టి మాట మార్చే ముందు ఆయన్నే అడగాలి. ఆ రోజు మా కుర్రవాడు అడగలేదు, మేమూ అడగమనలేదు.

తర్వాత ఆ కాగితం తాతకు చదివి వినిపించాం. రెండుసార్లు చదివించుకుని, "ఇందులో నా చెట్టేదిరా?" అన్నాడు. మళ్ళీ సభ పెట్టినప్పుడు ఆయన మాట ఆయన అన్నట్టే రాయించి, దాని కింద 'ఊరు ఇంకా ఒప్పుకోలేదు, కాదనలేదు, మాట్లాడుకోవాల్సి ఉంది' అని ఆయనతోనే చెప్పించి రాయించాం. అధికారి ఇప్ప పువ్వు గురించి అడిగారు. తాత లేచి ఆయన్ని చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు.