ఎనిమిదింటి డోసు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఆసుపత్రుల్లో ఉదయం డ్యూటీ ఎక్కే నర్సు అందుకునే జాబితాలో మందులు, గంటల లెక్కన చేసే పరీక్షలు, పెండింగ్ ఆర్డర్లు వేరువేరు వరుసల్లో ఉన్నా, కలిపి చదవాల్సినవే. గుర్రపువాతం వచ్చిన బాలింత విషయమే చూద్దాం.

ఆమెకు నాలుగు గంటలకోసారి 5 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ పిరుదు మార్చి మార్చి ఇస్తారు. ఎనిమిదింటికి డోసు ఉందని రాసి ఉన్నంత మాత్రాన ఇచ్చేయకూడదు. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగరాలి. శ్వాస నిమిషానికి 16కు తగ్గకూడదు. మూత్రం గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. గడిచిన నాలుగు గంటల్లో సంచిలో చేరింది 80 మిల్లీలీటర్లే అనుకుందాం. అంటే గంటకు 20. ఈ మందు ఒంట్లోంచి పోయేది మూత్రంలోనే కాబట్టి అది తగ్గితే మందు రక్తంలో పేరుకుంటుంది. అప్పుడు ముందు మోకాలి కదలిక పోతుంది, ఆ తర్వాత ఊపిరికే ముప్పు.

అందుకే మూత్రపు గొట్టం మడతపడిందేమో చూసి, మడత లేకపోతే డోసు ఆపి వెంటనే డాక్టరుకు చెప్పాలి. విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉండాలి. డాక్టరు ఫోన్లో చెప్పింది తిరిగి చదివి వినిపించి, టైముతో సహా రాయాలి. సంతకం పడేదాకా ఆ ఆర్డరు పెండింగే. కాన్పు, చివరి ఫిట్స్‌లలో ఏది తర్వాత జరిగితే అక్కడి నుంచి 24 గంటలు ఈ మందు నడుస్తుంది. ఆపాల్సిన ఆ గంట కూడా జాబితాలో ఉండాలి.